రింగ్ ఫ్లిప్ చేసినా పైది పైనే ఉంటుంది: మెంథైల్ క్లోరైడ్‌తో ఛైర్ గీయడం, లెక్క కట్టడం

డిగ్రీలో ఉండగా ఒక పరీక్షలో ఆరు కార్బన్ల రింగున్న ట్రాన్స్ సమ్మేళనం ఇచ్చి, ఆ రింగు కుర్చీలా మడతపడే రెండు రూపాలూ, అంటే రెండు ఛైర్లూ, గీసి ఏది స్థిరమో చెప్పమన్నారు. రెండు బొమ్మలూ ముచ్చటగా గీశాను. పేపర్ చేతికొచ్చాక చూస్తే రెండో బొమ్మ పక్కన ఎర్ర ఇంకుతో "ఇది సిస్" అని ఒక్క మాట, కింద సున్నా. ఒక ఛైర్ ఇంకో ఛైర్‌గా మారడాన్ని ఫ్లిప్ అంటారు, ఫ్లిప్ అంటే తిరగబడటమే కదా అనుకుని, పైకి ఉన్న గ్రూపుని కిందికి దించేశాను. అంటే ఫ్లిప్ పేరుతో ఒక బంధం తెంచి అవతలి వైపు అతికించానన్నమాట, వచ్చింది వేరే పదార్థం.

ఆ తప్పు ఇప్పటికీ చాలామంది చేస్తూనే ఉన్నారు. దానికి తోడు ఇంకోటి: రింగ్ ఫ్లిప్‌కి "అయ్యే ఖర్చు" అన్నప్పుడు రెండు వేర్వేరు అంకెల్ని కలిపేస్తారు. ఈ రెంటినీ ఒకే అణువు మీద సరిచేసుకుందాం. అది మెంథైల్ క్లోరైడ్. మెంథాల్‌లో ఓహెచ్ ఉన్నచోట, అదే దిశలో, క్లోరిన్ ఉంటే అదే ఇది. ఒక గళ్ల కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. కంటితో చదువుకుంటూ పోతే ఇది ఎక్కదు, గీయాల్సిందే.

ముందు చదును బొమ్మ, అందులో పైకీ కిందికీ

ఛైర్ జోలికి వెళ్లకముందే మామూలు షడ్భుజి గీసి, కార్బన్లకి గడియారం ముల్లు తిరిగే దిశలో 1 నుంచి 6 దాకా నంబర్లు వేయండి. C1 మీద క్లోరిన్, పైకి. C2 మీద ఐసోప్రొపైల్, కిందికి. C5 మీద మిథైల్, పైకి. చీలిక గీత ఉంటే పైకి, చుక్కల గీత ఉంటే కిందికి, అంతే. ఇప్పుడు పక్కన మూడు వరుసలు రాసుకోండి:

```
C1  Cl      పైకి
C2  iPr     కిందికి
C5  CH3     పైకి
```

ఈ మూడు వరుసలూ ఈ లెక్క అయ్యేదాకా మారవు. ఫ్లిప్ చేసినా మారవు, అణువుని వేడి చేసినా మారవు, బంధం తెగితే తప్ప మారవు. సిస్, ట్రాన్స్ అనేవి ఈ పట్టికలోంచి వచ్చే మాటలు, యాక్సియల్, ఈక్వటోరియల్ అనేవి కాదు. క్లోరిన్, మిథైల్ రెండూ పైకే ఉన్నాయి కాబట్టి అవి సిస్. ఐసోప్రొపైల్ మిగతా రెండింటికీ ట్రాన్స్. ఛైర్‌లో ఎవరు యాక్సియల్‌గా నిలబడతారు, ఎవరు ఈక్వటోరియల్‌గా పక్కకి వాలతారు అన్నది ఇంకా మనకి తెలియదు, ఇప్పుడే తెలియాల్సిన పని కూడా లేదు.

ఛైర్ గీయడం

ఛైర్ బొమ్మ వంకర రావడానికి కారణం చెయ్యి బాగోలేకపోవడం కాదు, ఎదురెదురు గీతలు సమాంతరంగా లేకపోవడం. ఆరు బంధాల్లో ఒకదానికి ఎదురుగా ఉన్నది దానికి కచ్చితంగా సమాంతరం, అలా మూడు జతలు. గళ్ల కాగితం మీద ఈ బిందువులు పెట్టి వరుసగా కలపండి, చివర C6 నుంచి మళ్లీ C1కి.

```
ఛైర్ 1:  C1(4,3)  C2(6,6)  C3(12,4)
         C4(16,5) C5(14,2) C6(8,4)
```

గీశాక ప్రతి మూలనీ దాని ఇరుగుపొరుగు మూలలతో పోల్చి చూడండి. C2, C4, C6 తమ పక్కవాళ్లకంటే ఎత్తులో ఉంటాయి, వీటిని ఎత్తు మూలలు అందాం. C1, C3, C5 పల్లం మూలలు. C3, C6 రెండూ కాగితం మీద ఒకే ఎత్తులో, 4 దగ్గరే ఉన్నాయి కదా, ఒకటి ఎత్తు ఇంకోటి పల్లం ఎలా అయ్యాయని అడుగుతారేమో. ఛైర్‌ని మనం కాస్త పైనుంచి వంగి చూస్తున్నాం, అందుకే వెనకవైపు ఉన్న C2–C3 బంధం మొత్తంగా పైకి జరిగినట్టు, ముందున్న C5–C6 కిందికి జరిగినట్టు కనిపిస్తుంది. అందుకే పోలిక ఎప్పుడూ పక్క మూలలతోనే.

ఇక్కడొక హెచ్చరిక: చదును బొమ్మలో నంబర్లు ఏ దిశలో తిరిగాయో ఛైర్‌లోనూ అదే దిశలో తిరగాలి. అక్కడ కుడివైపు, ఇక్కడ ఎడమవైపు తిప్పితే శక్తి లెక్క సరిగ్గానే వస్తుంది గానీ మీరు గీసింది అద్దంలో ప్రతిబింబం, ఆర్, ఎస్ పేర్లు అన్నీ తారుమారవుతాయి.

యాక్సియల్ ముందు, ఈక్వటోరియల్ తర్వాత

యాక్సియల్ గీతలు నిట్టనిలువు. ఎత్తు మూలలో పైకి, పల్లం మూలలో కిందికి. అంటే C2, C4, C6 దగ్గర పైకి, C1, C3, C5 దగ్గర కిందికి. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

ఈక్వటోరియల్ దగ్గరే గజిబిజి. రెండు షరతులు పెట్టుకోండి. ఒకటి, అది పక్కన ఆనుకుని ఉన్న బంధానికి కాదు, దాన్ని వదిలేసి ఆ తర్వాతి బంధానికి సమాంతరంగా, రింగు బయటికి పోవాలి. రెండు, ఆ మూలలో యాక్సియల్ పైకి ఉంటే ఈక్వటోరియల్ కాస్త కిందికి వాలాలి, యాక్సియల్ కిందికి ఉంటే ఇది కాస్త పైకి. C1 తీసుకోండి. ఆనుకున్న బంధాలు C1–C2, C1–C6. వాటిని వదిలేస్తే తర్వాతివి C2–C3, C5–C6. అవి కుడికి పోతూ కిందికి దిగే గీతలు, కాబట్టి C1 నుంచి ఎడమకి పోతూ పైకెక్కాలి: (4,3) నుంచి (1,4)కి. C1 పల్లం మూల, యాక్సియల్ కిందికి ఉంది, ఈక్వటోరియల్ పైకి వాలింది, రెండు షరతులూ కుదిరాయి. C2 నుంచి అయితే C3–C4కి సమాంతరంగా (6,6) నుంచి (2,5)కి, కొంచెం కిందికి. C5 నుంచి కూడా అదే వాలు, (14,2) నుంచి (18,3)కి, కొంచెం పైకి.

ఈక్వటోరియల్‌ని అడ్డంగా సమతలంగా గీసేవాళ్లున్నారు. ఆ అలవాటు మానండి. ఆ కొద్దిపాటి వాలే అది పైదా కిందిదా అని చెప్పే ఏకైక ఆధారం, దాన్ని చెరిపేస్తే పట్టికతో సరిపోల్చడానికి ఏమీ మిగలదు.

పట్టిక చూసి గ్రూపుల్ని పెట్టడం

ఇప్పుడు ప్రతి కార్బన్ దగ్గరా ఒకే ప్రశ్న: నాకు కావాల్సింది పైకా కిందికా, ఆ మూలలో పైకున్న గీత ఏది?

C1 దగ్గర క్లోరిన్ పైకి కావాలి. అక్కడ యాక్సియల్ కిందికి పోయింది, పైకున్నది ఈక్వటోరియల్. అందులో పెట్టండి. C2 దగ్గర ఐసోప్రొపైల్ కిందికి కావాలి, అక్కడ యాక్సియల్ పైకుంది, కిందికి వాలింది ఈక్వటోరియల్. C5 దగ్గర మిథైల్ పైకి కావాలి, మళ్లీ ఈక్వటోరియలే. మూడూ ఈక్వటోరియల్ అయ్యాయి. అవాలని మనం చూడలేదు, పట్టిక చెప్పినట్టు పెడితే అలా వచ్చింది. చాలామంది ముందే "పెద్దది ఈక్వటోరియల్‌లో పెట్టాలి" అని మొదలుపెట్టి మిగతావి దాన్ని బట్టి ఊహించుకుంటారు. పెద్దదాన్ని ముందు చూసుకోవడం తప్పేమీ కాదు, కానీ ఆ తర్వాత మిగతావాటిని పట్టికతో కాకుండా అందంతో నిర్ణయిస్తేనే కొంప మునిగేది.

ఫ్లిప్

రెండో ఛైర్‌ని కొత్తగా గీయండి. మొదటి బొమ్మని కాగితం మీద తిప్పితే ఫ్లిప్ కాదు, అది అదే అణువుని ఇంకో వైపు నుంచి చూడటం.

```
ఛైర్ 2:  C1(4,5)  C2(8,4)  C3(14,6)
         C4(16,3) C5(12,4) C6(6,2)
```

ఈసారి C1, C3, C5 ఎత్తు మూలలు, C2, C4, C6 పల్లం మూలలు. C1 ఇప్పటికీ ఎడమ కొసనే ఉంది, నంబర్లు ఇప్పటికీ గడియారం దిశలోనే ఉన్నాయి. మారింది మూలల ఎత్తు ఒక్కటే. ఇక మళ్లీ అదే పట్టిక, అదే ప్రశ్న. C1 దగ్గర పైకున్నది ఇప్పుడు యాక్సియల్, క్లోరిన్ అక్కడికి, (4,8) దాకా నిలువుగా. C2 దగ్గర కిందికున్నది యాక్సియల్, ఐసోప్రొపైల్ (8,1)కి. C5 దగ్గర పైకున్నది యాక్సియల్, మిథైల్ (12,7)కి. మూడూ యాక్సియల్ అయిపోయాయి, కానీ క్లోరిన్ పైనే ఉంది, ఐసోప్రొపైల్ కిందనే ఉంది, మిథైల్ పైనే ఉంది. నేను ఆ రోజు పరీక్షలో పట్టిక మళ్లీ చూడకుండా మొదటి బొమ్మని కన్నుతో "తిరగేసి" గీశాను, అందుకే సున్నా.

సరిచూసుకోవడానికి తేలిక మార్గం ఉంది. రెండు ఛైర్లలోనూ ఒక్కో గ్రూపు పక్కన దాని కార్బన్ నంబరు, పైకో కిందికో రాయండి. రెండు జాబితాలూ అచ్చంగా ఒకటే అవ్వాలి. యాక్సియల్ అన్నవన్నీ ఈక్వటోరియల్ కావాలి, ఈక్వటోరియల్ అన్నవన్నీ యాక్సియల్ కావాలి, ఒక్కటి కూడా మారకుండా మిగలకూడదు. ఏదైనా తేడా వస్తే బొమ్మ తప్పు.

యాక్సియల్‌గా ఉంటే ఎంత భారం?

రెండో ఛైర్‌ని జాగ్రత్తగా చూడండి. పైన మూడు నిలువు గీతలున్నాయి: C1 మీద క్లోరిన్, C5 మీద మిథైల్, C3 మీద హైడ్రోజన్. మూడూ ఒకదానికొకటి సమాంతరంగా, ఒకే వైపు. ఒక కార్బన్ వదిలి ఒక కార్బన్ మీద నిలబడ్డ ఈ యాక్సియల్ గ్రూపులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఈ గొడవ ఖరీదునే ఒక్కో గ్రూపుకి ఏ-వ్యాల్యూ అని లెక్కగట్టి పెట్టారు. సైక్లోహెక్సేన్ మీద ఆ ఒక్క గ్రూపే ఉన్నప్పుడు, యాక్సియల్‌గా ఉంటే ఈక్వటోరియల్ కంటే ఎంత శక్తి ఎక్కువ అన్నదే ఆ అంకె. మిథైల్‌కి సుమారు 1.7 కిలోకేలరీలు, మోల్‌కి. ఐసోప్రొపైల్‌కి 2.2. క్లోరిన్‌కి 0.5 దగ్గర. టెర్ట్-బ్యూటైల్‌కి 5కి కాస్త తక్కువ.

ఈ అంకెల్ని బట్టీ పట్టే ముందు ఒకసారి వాటి వరుస చూడండి, వింతగా లేదూ? క్లోరిన్ పెద్ద పరమాణువు, అయినా మిథైల్ కంటే తక్కువ ఇబ్బంది పెడుతోంది. కారణం బంధం పొడవు. కార్బన్–క్లోరిన్ బంధం 1.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, కార్బన్–కార్బన్ 1.53. పొడుగు కాడ చివర ఉన్నది కాబట్టి క్లోరిన్ ఆ హైడ్రోజన్ల గుంపుకి ఎడంగా నిలబడుతుంది. ఇక మిథైల్ నుంచి ఐసోప్రొపైల్‌కి పెరిగింది అర కిలోకేలరీయే, కానీ అక్కడి నుంచి టెర్ట్-బ్యూటైల్‌కి ఒక్కసారిగా రెట్టింపు దాటింది. ఐసోప్రొపైల్‌కి ఒక హైడ్రోజన్ ఉంది, తను యాక్సియల్‌గా ఉన్నప్పుడు ఆ హైడ్రోజన్‌ని రింగు లోపలికి తిప్పుకుని రెండు మిథైళ్లనీ బయటికి పెట్టుకుంటుంది. టెర్ట్-బ్యూటైల్‌కి మూడూ మిథైళ్లే, ఎటు తిరిగినా ఒకటి లోపలికి గుచ్చుకుంటుంది. కాబట్టి గ్రూపు ఎంత పెద్దదని కాదు, లోపలికి ఏం చూపించగలదని అడగాలి.

మన అణువుకి లెక్క: ఛైర్ 1లో యాక్సియల్ గ్రూపులు లేవు, సున్నా. ఛైర్ 2లో 0.5 + 2.2 + 1.7, మొత్తం 4.4 కిలోకేలరీలు. దీన్ని నిష్పత్తిగా మార్చాలంటే ΔG = −RT ln K వాడాలి, కానీ గది ఉష్ణోగ్రత దగ్గర చేతి లెక్కకి ఒక్క అంకె చాలు: ప్రతి 1.36 కిలోకేలరీలకి పది రెట్లు. 4.4ని 1.36తో భాగిస్తే 3.24, పదికి 3.24 ఘాతం అంటే సుమారు 1700. అంటే 1700 అణువులు ఛైర్ 1లో ఉంటే ఒకటి ఛైర్ 2లో. ఒక్క మిథైల్ మాత్రమే ఉంటే 1.7ని 1.36తో భాగించి చూడండి, ఇరవైకి కాస్త తక్కువ నిష్పత్తి వస్తుంది, 95కి 5 అని అందరూ చెప్పేది అదే.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట. ఈ కూడిక ఎప్పుడూ నమ్మదగ్గది కాదు. ఏ-వ్యాల్యూ కొలిచినప్పుడు ఎదురుగా ఉన్నవి హైడ్రోజన్లు. మన ఛైర్ 2లో క్లోరిన్‌కి ఎదురుగా మిథైల్ నిలబడింది, అది హైడ్రోజన్ కంటే చాలా ఎక్కువ నెడుతుంది, కాబట్టి అసలు ఖరీదు పెరుగుతుంది. ఎంత తేడా రావచ్చో తెలియాలంటే, రెండు మిథైళ్లు ఇలా ఒకే వైపు ఎదురెదురుగా యాక్సియల్‌గా ఇరుక్కుంటే ఆ జత ఖరీదే 3.7 కిలోకేలరీలు. మరోవైపు ఛైర్ 1 కూడా పూర్తిగా ఉచితం కాదు. C1, C2 మీది గ్రూపులు రెండూ ఈక్వటోరియల్ అయినా వాటి మధ్య కోణం 60 డిగ్రీలే, మీ గళ్ల కాగితం మీద కూడా (1,4), (2,5) అని ఎంత దగ్గరకొచ్చాయో చూశారుగా. పక్కపక్క కార్బన్ల మీద ఇద్దరు మిథైళ్లు ఇలా ఉంటే 0.9 కిలోకేలరీలు పడుతుంది. కాబట్టి దూరదూరంగా, వేర్వేరు వైపుల ఉన్న గ్రూపులకి ఏ-వ్యాల్యూలు నిశ్చింతగా కూడండి, పక్కపక్కనో, ఒకే వైపు ఎదురెదురుగానో ఉంటే వచ్చిన మొత్తాన్ని దిశ చూపించే అంకెగా మాత్రమే తీసుకోండి.

ఇది గట్టు ఎత్తు కాదు

ఇప్పుడు రెండో గందరగోళం. పైన లెక్కగట్టిన 4.4 రెండు ఛైర్ల మధ్య తేడా. ఒక ఛైర్ నుంచి ఇంకో ఛైర్‌కి వెళ్లడానికి దాటాల్సిన గట్టు వేరు. రెండు లోయల లోతుల్లో తేడా ఒకటి, మధ్యలో కొండ ఎత్తు ఒకటి. పరీక్షల్లో "ఎనర్జీ బారియర్ ఎంత" అంటే 1.7 రాసేవాళ్లని చూశాను, "ఎక్కువ శాతం ఏది" అంటే గట్టు ఎత్తైన 10.8 పట్టుకుని లెక్క చేసేవాళ్లనీ చూశాను.

గ్రూపులేమీ లేని సైక్లోహెక్సేన్‌లో ఆ కొండ ఎత్తు 10 నుంచి 11 కిలోకేలరీల మధ్య, కిలోజౌళ్లలో 45 దగ్గర. రెండు ఛైర్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి అక్కడ లోతుల తేడా సున్నా, అయినా కొండ కొండే. ఛైర్ ఒక కొస వంగుతూ హాఫ్-ఛైర్ దగ్గరికి ఎక్కుతుంది, అదే శిఖరం, అక్కడ వరుసగా కొన్ని కార్బన్లు ఒకే తలంలోకి వచ్చి కోణాలు బిగుసుకుంటాయి. అక్కడి నుంచి ట్విస్ట్-బోట్‌లోకి జారుతుంది, అది ఛైర్ కంటే ఐదున్నర కిలోకేలరీల ఎత్తులో ఉన్న చిన్న గుంట. మళ్లీ ఇంకో హాఫ్-ఛైర్ ఎక్కి అవతలి ఛైర్‌లోకి దిగుతుంది. బోట్ గురించి పెద్దగా తల బాదుకోవద్దు, అది ఒక ట్విస్ట్-బోట్ నుంచి ఇంకోదానికి పోయే దారిలో చిన్న మెట్ట, అంతే.

ఈ కొండ గది ఉష్ణోగ్రత దగ్గర పెద్ద అడ్డేమీ కాదు, సెకనుకి లక్ష సార్లకి పైనే దాటేస్తుంది. అందుకే మామూలుగా ఎన్‌ఎమ్‌ఆర్ తీస్తే సైక్లోహెక్సేన్‌కి ఒకే గీత కనిపిస్తుంది, యాక్సియల్, ఈక్వటోరియల్ హైడ్రోజన్లు కలిసిపోయి సగటు మాత్రమే దొరుకుతుంది. −90 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిస్తే ఫ్లిప్ నెమ్మదించి రెండు రకాల హైడ్రోజన్లూ విడివిడిగా తేలతాయి. 1960ల్లో అయితే క్లోరోసైక్లోహెక్సేన్‌ని −150 డిగ్రీల దగ్గర ఉంచి ఈక్వటోరియల్ రూపాన్ని స్ఫటికాలుగా వేరు చేశారు కూడా. గదిలో క్షణంలో కలిసిపోయేవి అక్కడ వేర్వేరు పదార్థాల్లా సీసాలో నిలబడ్డాయి, కొండ ఎత్తు మారి కాదు, ఎక్కే ఓపిక తగ్గి.

ఇదే తెలిస్తే ఇంకో పొరపాటు కూడా పోతుంది. టెర్ట్-బ్యూటైల్ గ్రూపు రింగుని "లాక్ చేస్తుంది" అంటారు. ఆ మాట నాకు నచ్చదు. తాళం వేయడమంటే కొండని పెంచడం, టెర్ట్-బ్యూటైల్ కొండని ఎత్తు చేయదు. అది ఒక లోయని 5 కిలోకేలరీల దాకా పైకి లేపుతుంది. అణువు అవతలికి వెళ్తూనే ఉంటుంది, వెళ్లిన మరుక్షణం వెనక్కి జారిపోతుంది, ఎప్పుడు చూసినా కొన్ని వేలల్లో ఒకటి మాత్రమే అటు దొరుకుతుంది.

ఈ ఖర్చు నిజంగా చెల్లించాల్సి వచ్చినప్పుడు

లెక్క కాగితం మీదే మిగలదనడానికి మన మెంథైల్ క్లోరైడ్‌నీ దాని తోబుట్టువు నియోమెంథైల్ క్లోరైడ్‌నీ పక్కపక్కన పెట్టి సోడియం ఇథాక్సైడ్‌తో చర్య జరిపితే చాలు. నియోలో తేడా ఒక్కటే: C1 మీద క్లోరిన్ కిందికి. పట్టికలో ఆ ఒక్క వరుస మార్చి ఛైర్ 1లో పెట్టండి. క్లోరిన్ యాక్సియల్‌గా కిందికి వస్తుంది, ఐసోప్రొపైల్, మిథైల్ ఈక్వటోరియల్‌లోనే ఉంటాయి. భారం 0.5 మాత్రమే. ఫ్లిప్ చేస్తే 3.9, కాబట్టి ఇది ఎక్కువగా ఛైర్ 1లోనే ఉంటుంది.

ఇథాక్సైడ్ చేసే ఈ-టూ ఎలిమినేషన్‌లో క్లోరిన్, పక్క కార్బన్ మీది హైడ్రోజన్ ఒకదానికొకటి సరిగ్గా వ్యతిరేక దిశల్లో ఉండాలి. ఛైర్‌లో అది కుదిరేది రెండూ యాక్సియల్‌గా, ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్నప్పుడే. నియోలో క్లోరిన్ యాక్సియల్‌గా కిందికి ఉంది, C2 మీదా C6 మీదా హైడ్రోజన్లు యాక్సియల్‌గా పైకి ఉన్నాయి. తనకి అలవాటైన ఛైర్‌లోనే అంతా సిద్ధం. చర్య చకచకా సాగుతుంది, ద్విబంధం రెండు వైపులా వస్తుంది, సుమారు నాలుగింట మూడొంతులు ఐసోప్రొపైల్ ఉన్న C2 వైపు, మిగతాది C6 వైపు.

మెంథైల్‌కి ఆ సౌకర్యం లేదు. ఛైర్ 1లో క్లోరిన్ ఈక్వటోరియల్, దానికి సరిగ్గా ఎదురు దిశలో ఉన్నవి రింగు బంధాలు, హైడ్రోజన్ కాదు. చర్య జరగాలంటే ముందు మూడు గ్రూపుల్నీ యాక్సియల్ చేసే ఛైర్ 2లోకి పోవాలి, వేలల్లో ఒకటిగా ఉండే ఆ రూపం నుంచే ముందుకి. ఫలితం, నియో కంటే దాదాపు 200 రెట్లు నెమ్మది. అక్కడికి వెళ్లాక మీ ఛైర్ 2 బొమ్మ చూడండి: క్లోరిన్ పైకి ఉంది, C2 మీద యాక్సియల్‌గా కిందికి ఉన్నది హైడ్రోజన్ కాదు, ఐసోప్రొపైల్. C6 మీద మాత్రం హైడ్రోజన్ కిందికి ఉంది. అందుకని ద్విబంధం C6 వైపు మాత్రమే వస్తుంది. ఎక్కువ గ్రూపులున్న ఆల్కీనే ముఖ్యంగా వస్తుందన్న నియమం బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ తప్పకుండా తప్పు రాస్తారు, ఆ ఆల్కీన్ కావాలంటే తీయాల్సిన హైడ్రోజన్ ఆ ఛైర్‌లో సరైన చోట లేదు మరి.

చేతిలో ఉన్నది ఏ ఛైరో తేల్చుకోవాలంటే ఎన్‌ఎమ్‌ఆర్‌లో C1 మీది హైడ్రోజన్‌ని చూస్తారు. అది యాక్సియల్ అయి, పక్కన కూడా యాక్సియల్ హైడ్రోజన్లుంటే కప్లింగ్ 10 నుంచి 13 హెర్ట్జ్‌లు, సిగ్నల్ వెడల్పుగా పరుచుకుంటుంది. అది ఈక్వటోరియల్ అయితే 2 నుంచి 5 హెర్ట్జ్‌లే, సన్నగా ముద్దలా ఉంటుంది. మెంథాల్, నియోమెంథాల్ జంటలో ఇది బాగా తెలుస్తుంది: మెంథాల్‌లో ఆ హైడ్రోజన్ 3.4 పీపీఎమ్ దగ్గర వెడల్పుగా, నియోలో 4.1 దగ్గర సన్నగా.

ఇక ఒకటి మీరే చేసి చూడండి. C1 మీద క్లోరిన్ పైకి, C2 మీద ఐసోప్రొపైల్ కిందికి, C5 మీద మిథైల్ కిందికి. ఛైర్ 1లో మిథైల్ ఒక్కటే యాక్సియల్ అవుతుంది, 1.7. ఛైర్ 2లో క్లోరిన్, ఐసోప్రొపైల్ యాక్సియల్, 2.7. తేడా 1, అంటే ఐదారు రెట్లు, పైగా ఛైర్ 1లో పక్కపక్క ఈక్వటోరియళ్ల ఇరుకు కలిపితే ఆ తేడా ఇంకా తగ్గుతుంది. కాబట్టి "ఇది ఛైర్ 1లోనే ఉంటుంది" అని ఇక్కడ రాయకండి, ఈ సీసాలో రెండూ ఉంటాయి.